బీజాపూర్ ఫోటో బీజాపూర్‌లో తెరుచుకోవాలంటే

బస్తర్ గురించి తెలుగులో వచ్చే కథనాలు ఎక్కువగా హైదరాబాద్, వరంగల్, ఢిల్లీ విశ్వవిద్యాలయాల నుంచి వస్తాయి. రాసేది అక్కడివాళ్లే, చదివేదీ అక్కడివాళ్లే. కానీ బీజాపూర్ జిల్లాలో కూడా తెలుగు చదివేవాళ్లు ఉన్నారు. ఇంద్రావతి, గోదావరి కలిసే వైపు, భోపాల్‌పట్నం నుంచి తారలగూడ దాకా తెలుగు మాట్లాడే ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలు కొందరు ములుగు, వరంగల్ వచ్చి చదువుకుని తిరిగి వెళ్తుంటారు. తమ జిల్లా గురించి మనం రాసింది వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుందా లేదా అన్నది నాకు చిన్న ప్రశ్నగా కనిపించదు. కథనంతో పాటు పెట్టే ఫోటోల దగ్గరే దీనికి జవాబు చాలావరకు తేలిపోతుంది. ఫోటో ఎంత బరువుంది, దాని వెనక ఏ మాట రాశాం అన్న రెండు విషయాల గురించి ఇక్కడ రాస్తున్నాను. కొన్నేళ్లుగా విద్యార్థులు పంపే క్షేత్ర పర్యటన కథనాలను సరిచూసే పని చేస్తున్నాను కాబట్టి చెప్పేదంతా ఆ పనిలోంచే వస్తోంది.

ముందు బరువు సంగతి. ఇప్పుడు మామూలు ఫోన్‌తో తీసిన ఫోటో నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు, మూడు వేల ఎత్తు ఉంటుంది. ఫైలు మూడు నుంచి ఐదు ఎంబీలు. ఒక కథనంలో ఎనిమిది ఫోటోలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి నాలుగు ఎంబీలు వేసుకుంటే మొత్తం 32 ఎంబీలు. విశ్వవిద్యాలయం వైఫైలో ఇది రెప్పపాటులో వచ్చేస్తుంది. సిగ్నల్ అంచున ఉన్న ఊరిలో వేగం సెకనుకు 100 కిలోబిట్లకు పడిపోవడం వింతేమీ కాదు. అంటే సెకనుకు పన్నెండున్నర కేబీలు. ఆ వేగంతో 32 ఎంబీలు రావడానికి 43 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. రోజువారీ డేటా ప్యాక్‌లో కూడా పెద్ద ముక్క పోతుంది. మరి కథనంలోని అక్షరాల బరువెంత? రెండున్నర వేల తెలుగు మాటలు సర్వర్ నుంచి కుదించి పంపితే 30 కేబీల లోపే ఉంటాయి. మూడు సెకన్లు కూడా పట్టదు. చదవాల్సిన మాట ఎప్పుడో సిద్ధంగా ఉన్నా, ఫోటోలు దారికి అడ్డం పడతాయి.

అవే ఎనిమిది ఫోటోలను వెయ్యి పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో దాస్తే ఒక్కొక్కటి సగటున 100 కేబీలకు వస్తుంది. మొత్తం 800 కేబీలు. అదే బలహీనమైన సిగ్నల్ మీద 64 సెకన్లు. పైగా మొదటి ఫోటో తప్ప మిగతావి పాఠకుడు కిందికి జరిపినప్పుడే వచ్చేలా పెట్టవచ్చు కనుక, కథనం చదవడం మొదలుపెట్టడానికి పది పన్నెండు సెకన్లు చాలు. వెయ్యి పిక్సెళ్లే ఎందుకంటారా? చౌక ఫోన్ తెర మీద బొమ్మకు నిజంగా కావలసింది ఏడెనిమిది వందల పిక్సెళ్లే. ఆపైన పంపేదంతా తెర దాకా వచ్చి అక్కడ పారేయబడుతుంది, డబ్బు మాత్రం పాఠకుడి జేబులోంచి పోతుంది.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఒక్క వరుస ఆదేశం సరిపోతుంది.

```
magick IMG_2043.jpg -auto-orient -resize "1000x>" -strip -quality 72 silger-road.webp
```

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది, వాటి వరుసకు కూడా. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినప్పుడు చాలా ఫోన్లు బొమ్మను తిప్పి దాచవు, 'దీన్ని తిప్పి చూపించు' అని ఫైలు లోపల ఒక చీటీ మాత్రం రాసి పెడతాయి. ఆ చీటీని ముందే చింపేస్తే బొమ్మ పక్కకు పడుకుంటుంది. అందుకే మొదట నిలబెట్టి, ఆ తర్వాతే చీటీలన్నీ తీసేయాలి. ఎక్కడైనా కథనంలో మనుషులు అడ్డంగా పడుకున్నట్టు కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తుపట్టవచ్చు. కమాండ్లు అలవాటు లేనివాళ్లు బ్రౌజర్‌లో squoosh.app తెరిచి ఒక్కో ఫోటోను కుదించుకోవచ్చు. ఆ పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫోటో బయటి సర్వర్‌కు వెళ్లదు. బస్తర్ నుంచి వచ్చిన ఫోటోల విషయంలో ఈ తేడాను నేను గట్టిగా పట్టించుకుంటాను. 'ఉచితంగా కుదిస్తాం' అనే ఏదో ఒక సైటులోకి సాక్షుల ముఖాలను ఎక్కించడం నాకు సమ్మతం కాదు.

ఇక నాణ్యత అంకె. 72 అని రాశాను గానీ అది వేదవాక్కు కాదు. బస్తర్ ఫోటోలలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చెట్లు, ఆకులు, గడ్డి నిండిన బొమ్మ సులువుగా కుదించుకోదు. ప్రతి ఆకు అంచూ కొత్త వివరమే కాబట్టి ఫైలు బరువు మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఒక పంచాయతీ భవనం గోడ ఫోటో 50 కేబీలకు దిగితే, అదే అంకెతో ఇప్పచెట్ల కింద కూర్చున్న జనం ఫోటో 180 దగ్గర ఆగుతుంది. అప్పుడు చాలామంది చేసేది నాణ్యతను 40కి, 30కి లాగేయడం. ఆకాశం బాగానే ఉంటుంది, ఆకులు కూడా దూరం నుంచి బాగానే ఉంటాయి. చెట్టు నీడలో ఉన్న ముఖాలు మాత్రం పోతాయి.

ఇది కాకతాళీయం కాదు. ఇలా కుదించే పద్ధతులు బొమ్మను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియదనుకున్న తేడాలను వదిలేస్తాయి. చీకటి భాగంలో పక్కపక్క ఛాయల మధ్య తేడా తక్కువ, కాబట్టి మొదట చెరిగిపోయేవి అవే. ఎండలో నిలబడిన జవాను యూనిఫాం మడతలు కనిపిస్తూనే ఉంటాయి, నీడలో కూర్చున్న నల్లని మనిషి ముఖం మాత్రం కళ్లూ ముక్కూ కలిసిపోయిన మరకగా మారుతుంది. ఎవరి ముఖాన్ని చూపించడానికి ఆ ఫోటో తీశామో ఆ ముఖమే పోతుందన్నమాట. అందుకే కుదించిన ఫైలును అసలు సైజులో తెరిచి, ఆకాశాన్ని కాకుండా అన్నిటికంటే చీకటిగా ఉన్న ముఖాన్ని చూడమని చెబుతాను. కనురెప్పలు, నుదుటి మీద వెంట్రుకల గీత, చీర అంచు విడివిడిగా కనిపించాలి. కనిపించకపోతే నాణ్యత పెంచండి. బరువు తగ్గించాలంటే వెడల్పు 800కు తగ్గించండి, లేదా పైన ఉన్న చెట్ల కొమ్మలను కత్తిరించండి. బొమ్మ చిన్నదైతే ఫర్వాలేదు, ముఖం చెరిగిపోతే ఆ బొమ్మ పెట్టి ప్రయోజనం లేదు.

పైన చెప్పిన చీటీల గురించి ఇంకొక మాట. ఫోన్ ఫోటోలో తేదీ, సమయం, కెమెరా పేరుతో పాటు, లొకేషన్ తెరిచి ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. ఎవరి ఇంటి ముందు ఫోటో తీశారో కొన్ని మీటర్ల తేడాతో చెప్పేస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, కానీ నాణ్యత కూడా పోతుంది. కాబట్టి సంపాదకులు 'డాక్యుమెంట్‌గా పంపండి' అంటారు. అలా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది, అక్షాంశ రేఖాంశాలతో సహా. దాన్ని అలాగే సైటులో ఎక్కిస్తే, కథనంలో ఊరి పేరు మార్చినా ప్రయోజనం ఉండదు. పై ఆదేశంలోని `-strip` ఆ పని చేస్తుంది. అయితే అసలు ఫైలును పారేయకూడదు. రేపు కోర్టులోనో కమిషన్ ముందో చూపించాల్సింది ఆ చీటీలున్న అసలు ఫైలునే. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. కుదించిన ప్రతికి ఆ విలువ కలవదు. అసలు ప్రతి భద్రంగా దాచిన చోట ఉండాలి, తేలిక ప్రతి పాఠకుడికి వెళ్లాలి.

ఇప్పుడు మాట సంగతి. చూపు లేని పాఠకులు తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదువుతారు. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ మన విద్యార్థులు ఎక్కువగా వాడేవి. రెండిటిలోనూ తెలుగు గొంతు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దృష్టి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల మంది. అవే లెక్కల్లో వైకల్యం శాతం దళితులలో దేశ సగటు కంటే ఎక్కువగా నమోదైంది. ఈ పోర్టల్ పాఠకుల్లో అలాంటివాళ్లు ఉండరని ఎవరూ అనుకోలేరు. ఆ సాఫ్ట్‌వేర్ ఫోటో దగ్గరికి వచ్చినప్పుడు ఫోటోతో పాటు మనం రాసిన వర్ణనను చదువుతుంది. దాన్నే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అది కంటికి కనిపించదు, చెవికి మాత్రమే వినిపిస్తుంది. ఫోటో లోడ్ కాకపోతే మాత్రం దాని స్థానంలో తెర మీద కనిపిస్తుంది. సిగ్నల్ లేని ఊళ్లో చూపున్న పాఠకుడు కూడా చదివేది దాన్నేనని చాలామందికి తట్టదు.

మనం ఏమీ రాయకపోతే ఏమవుతుంది? కొన్ని సందర్భాల్లో సాఫ్ట్‌వేర్ ఫైలు పేరు చదువుతుంది. 'ఐఎంజి రెండువేల నలభైమూడు' అని వినిపిస్తే కనీసం హాని లేదు. ఫైలు పేరు naxal-encounter.jpg అయితే? కథనంలో మనం 'గ్రామస్తులు' అని జాగ్రత్తగా రాసినా, చెవిలో పడేది పోలీసు ప్రకటనలోని మాట. ఏజెన్సీల నుంచి, ఇతర సైట్ల నుంచి తెచ్చుకున్న ఫోటోలకు ఇలాంటి పేర్లు అతుక్కుని వస్తాయి. ఫైలు పేరు మార్చడం అరనిమిషం పని.

ఈ చిన్న మాట ఎంత బరువు మోస్తుందో చూడటానికి బీజాపూర్ జిల్లాలోని సార్కెగూడకే వెళ్దాం. 2012 జూన్ 28 రాత్రి సార్కెగూడ, కొత్తగూడ, రాజ్‌పెంట గ్రామాల ప్రజలు సమావేశమైన చోట భద్రతా బలగాలు కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు, అందులో మైనర్లు ఉన్నారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులని ప్రభుత్వం చెప్పింది. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నామని గ్రామస్తులు చెప్పారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ న్యాయ విచారణ కమిషన్ నివేదిక 2019 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ముందుకు వచ్చింది. చనిపోయినవాళ్లు మావోయిస్టులని చూపే ఆధారం లేదని అందులో తేలింది. ఏడేళ్లకు పైగా పట్టింది.

2012లో ఆ ఊరి ఫోటో ఒకటి మన చేతికి వచ్చిందనుకోండి. వర్ణనలో 'ఎన్‌కౌంటర్‌లో మరణించిన మావోయిస్టులు' అని రాస్తే, కంటికి కనిపించే దేనికీ సంబంధం లేని తీర్పును చూపు లేని పాఠకుడికి ఫోటోలో ఉన్న వాస్తవంగా అందించినట్టవుతుంది. చూపున్న పాఠకుడు ఫోటో చూసి 'వీళ్ల దగ్గర తుపాకీ ఏదీ?' అని అడగగలడు. వినే పాఠకుడికి ఆ అవకాశం మనం ఇవ్వలేదు. 'అమాయక ఆదివాసీల ఊచకోత' అని రాసినా చిక్కు అదే. నా రాజకీయాలు రెండో మాట వైపే ఉంటాయి. అయినా అది కథనంలో వాదించి నిరూపించాల్సిన విషయం, వర్ణనలో దొంగచాటుగా దూర్చాల్సింది కాదు. 'తాటాకు పందిరి ముందు నేల మీద తెల్లబట్ట కప్పిన మృతదేహాలు వరుసగా ఉన్నాయి, చుట్టూ మహిళలు కూర్చుని ఏడుస్తున్నారు, ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు' వంటి వాక్యాన్ని, ఫోటోలో నిజంగా అది కనిపిస్తే, రాయాలి. ఏడేళ్ల తర్వాత నివేదిక వచ్చినప్పుడు దాన్ని దిద్దుకోవలసిన పని ఉండదు. సాక్షి కోర్టులో తను చూసింది చెబుతాడు, నేరం ఎవరిదో చెప్పడు కదా. వర్ణన రాసేవాళ్లు కూడా అలాగే ఉండాలని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

ఒక ఫోటో తీసుకుని రాసి చూద్దాం. 2021 మే నెలలో బీజాపూర్, సుకుమా జిల్లాల సరిహద్దున సిల్గేర్ దగ్గర సీఆర్‌పీఎఫ్ క్యాంపు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులు వేల సంఖ్యలో రోడ్డు మీదికి వచ్చారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ నిరసన గురించి రాస్తున్న కథనానికి ఒక ఫోటో ఉందనుకుందాం: మట్టి రోడ్డు మీద మహిళలు కూర్చుని ఉన్నారు, ఎదురుగా ముళ్లకంచె, కంచె అవతల తుపాకులతో జవాన్లు.

మొదటి ప్రయత్నంగా విద్యార్థులు సాధారణంగా 'నిరసన' అని రాసిస్తారు. ఇది చాలదు. ఏ నిరసనైనా కావచ్చు. రెండో ప్రయత్నం ఇలా వస్తుంది: 'రంగురంగుల చీరలు కట్టుకున్న ఆదివాసీ మహిళలు రోడ్డు మీద కూర్చున్నారు'. ఇందులో సమాచారం ఉంది, కానీ చీరల రంగులు కనిపించి తుపాకులు కనిపించకుండా పోయాయి. ఇది తరచుగా జరుగుతుంది. ఆదివాసీ శరీరాన్ని, ఆభరణాన్ని, బట్టను వర్ణించడం మనకు మ్యూజియం చూపుతో వచ్చిన అలవాటు. అధికారం ఉన్నవైపు నిలబడినవాళ్లను మాత్రం నేపథ్యంగా వదిలేస్తాం. ఒకవైపు బట్టలు వర్ణిస్తే రెండోవైపు యూనిఫాం, ఆయుధం కూడా వర్ణించాలి. ఎవరు ఎవరికి ఎదురుగా ఉన్నారో, మధ్యలో ఏముందో చెప్పాలి. మూడో ప్రయత్నంలో అది ఇలా తయారవుతుంది:

```
<img src="silger-road.webp" width="1000" height="750" loading="lazy"
 alt="మట్టి రోడ్డు మీద యాభైమందికి పైగా మహిళలు నేల మీద కూర్చున్నారు, కొందరి ఒడిలో పిల్లలు. నాలుగడుగుల ఎదురుగా ముళ్లకంచె, కంచె అవతల రైఫిళ్లు పట్టుకున్న జవాన్ల వరుస.">
```

ఊరి పేరు, తేదీ, ఫోటో తీసినవారి పేరు ఇందులో లేవు. అవి ఫోటో కింద అందరికీ కనిపించే వ్యాఖ్యలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ రెండూ చదువుతుంది కాబట్టి అదే మాటను రెండు చోట్లా రాస్తే వినేవాళ్లు రెండుసార్లు వినాలి. 'ఈ ఫోటోలో' అని మొదలుపెట్టనక్కర లేదు, అది బొమ్మ అని సాఫ్ట్‌వేర్ ముందే చెబుతుంది. వర్ణన రెండు వాక్యాలు దాటకుండా చూడండి. అది పేరాలు, శీర్షికలు లేని ఒకే ముక్కగా చెవిలో పడుతుంది, మధ్యలోంచి వెనక్కి వెళ్లడం కష్టం. ఎత్తు, వెడల్పు అంకెలు రాయడం వల్ల ఫోటో ఆలస్యంగా వచ్చినా చదువుతున్న వరుస కిందికి ఎగిరిపోదు. `loading="lazy"` అన్నది కిందికి జరిపినప్పుడే ఫోటో తెచ్చే ఏర్పాటు. కథనం పైన ఉన్న మొదటి ఫోటోకు దాన్ని పెట్టకండి, అనవసరంగా ఆలస్యమవుతుంది.

'ఆదివాసీ' అనే మాట చివరి వర్ణనలో లేకపోవడం గమనించే ఉంటారు. ఈ విషయంలో నాతో విభేదించేవాళ్లున్నారు, వాళ్ల వాదన తేలికైనది కాదు. గుర్తింపు రాయకపోతే అణచివేత ఎవరి మీద జరుగుతోందో మాయమవుతుందని వాళ్లంటారు. నిజమే. అందుకే పక్కనున్న వ్యాఖ్యలో, కథనంలో అది స్పష్టంగా ఉండాలి, అక్కడ లేకపోతే వర్ణనలోనే రాయాలి. ముఖం చూసి, రంగు చూసి, కట్టు చూసి కులాన్నీ తెగనూ ఊహించి రాయడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఇంకొకటి కూడా చూడండి. కలెక్టర్ సమీక్షా సమావేశం ఫోటోకు 'అధికారులు' అని రాస్తాం. వాళ్ల కులం ఎవరూ రాయరు. ఒకరికి మాత్రమే గుర్తింపు అంటించి, మరొకరిని కేవలం మనుషులుగా వదిలేసే అలవాటు ఈ కనిపించని వాక్యాల్లో కూడా నడుస్తోంది. పేరున్న మనిషైతే పేరు రాయండి. 2025 జనవరిలో బీజాపూర్‌లో హత్యకు గురైన పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ ఫోటోకు 'మైకు పట్టుకున్న యువకుడు' అని రాయడం అన్యాయం.

పేరు రాయకూడని చోట్లు కూడా ఉన్నాయి. 2015 అక్టోబరులో బీజాపూర్ జిల్లా పెద్దగెల్లూరు, దాని చుట్టుపక్కల గ్రామాల్లో భద్రతా బలగాలు తమపై లైంగిక హింసకు పాల్పడ్డాయని మహిళలు ఫిర్యాదు చేశారు. 2017 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్, 16 మంది మహిళలు అత్యాచారం, లైంగిక, శారీరక దాడులకు ప్రాథమికంగా బాధితులని చెప్పింది. ఇలాంటి కథనాల్లో ముఖాలు మసకబారుస్తాం. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. కానీ మసకబార్చిన ఫోటో వెనక వర్ణనలో 'ఫలానా ఊరి, చేతి మీద ఫలానా పచ్చబొట్టు ఉన్న మహిళ' అని రాస్తే చేసిన పనంతా వృథా. ఆ మాట కంటికి కనిపించదు కాబట్టి సంపాదకుడి కన్ను కూడా దాన్ని దాటిపోతుంది. సెర్చ్ ఇంజిన్లు మాత్రం దాటిపోవు, వాటికి ఆ వాక్యం బాగానే కనిపిస్తుంది. 'ముఖం మసకబార్చిన ఒక మహిళ మైకు ముందు మాట్లాడుతోంది' అని రాస్తే చాలు. మసకబార్చడం కూడా కుదించడానికి ముందు, గాఢంగా జరగాలి. నాణ్యత తగ్గించడమే ముఖాన్ని దాచడం అనుకునేవాళ్లు ఉన్నారు. తెలిసినవాళ్లు ఆ ముఖాన్ని ఇట్టే పోలుస్తారు.

మన ఉద్యమాలకు ప్రత్యేకంగా ఉన్న మరో అలవాటు ప్రకటనలను బొమ్మలుగా విడుదల చేయడం. విద్యార్థి సంఘాల ఖండన ప్రకటనలు, నిజనిర్ధారణ కమిటీ నివేదికల పేజీలు, సభల కరపత్రాలు అన్నీ ఫోటోలే. పైన నీలం పట్టీ, బాబాసాహెబ్ చిత్రం, కింద నాలుగు వందల మాటలు. కంటికి అది ప్రకటన, సాఫ్ట్‌వేర్‌కు ఖాళీ. కుదించినప్పుడు తెలుగు అక్షరాల వత్తులూ గుణింతాలూ మొదట చెదురుతాయి, 'క్ష'కూ 'క్ట'కూ తేడా తెలియదు. నాలుగు వందల మాటలను వర్ణనలో కుక్కడం పరిష్కారం కాదు. ఆ మాటలను మాటలుగానే పేజీలో పెట్టి, బొమ్మ వర్ణనలో 'ప్రకటన ప్రతి, పూర్తి పాఠం కింద ఉంది' అంటే సరిపోతుంది. 2016 జనవరి 17 తర్వాత రోహిత్ వేముల చేతిరాత ఉత్తరం ఫోటోగా దేశమంతా తిరిగింది. దాన్ని అక్షరాల్లోకి ఎక్కించి ప్రచురించినవాళ్లు ఉండబట్టే చూపు లేనివాళ్లు కూడా ఆ ఉత్తరాన్ని స్వయంగా చదవగలిగారు. చేతిరాత కాబట్టి ఫోటో కూడా ఉండి తీరాలి. అప్పుడు అది చేతిరాత అనీ, ఎన్ని పేజీలనీ వర్ణనలో చెప్పాలి, ఎందుకంటే ఆ సమాచారం అచ్చు పాఠంలో దొరకదు.

ఇక ఆ పైనున్న బాబాసాహెబ్ చిత్రం సంగతి. వెబ్ ప్రమాణాల్లో కేవలం అలంకారంగా ఉన్న బొమ్మకు ఖాళీ వర్ణన పెట్టమంటారు, `alt=""` అని. అప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని నిశ్శబ్దంగా దాటిపోతుంది. అంబేద్కర్ చిత్రాన్ని అలంకారం అనడానికి మనకు మనసొప్పదు. నా పద్ధతి ఏమిటంటే, కథనంలో చిత్రం గురించే మాట్లాడుతుంటే, ఉదాహరణకు నీలి సూటు, చేతిలో రాజ్యాంగం, ముందుకు చాపిన చూపుడు వేలు ఉన్న విగ్రహం ఫోటో అయితే, అవన్నీ రాస్తాను. ప్రతి పేజీ పైనా వచ్చే గుర్తుగా ఉంటే ఒకసారి మాత్రం వినిపించనిస్తాను, మిగతాచోట్ల ఖాళీగా వదిలేస్తాను. పది పేజీలు చదివే విద్యార్థికి పదిసార్లు అదే వినిపించడం గౌరవం పేరుతో విసిగించడమే. ఖాళీ వర్ణన వేరు, అసలు వర్ణన లేకపోవడం వేరు అని గుర్తుంచుకోవాలి. రెండోదాంట్లో ఫైలు పేరు వినిపించవచ్చు.

మనం రాసింది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ సెట్టింగులలో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ కథనాన్ని ఒకసారి వినండి. ఆన్ చేసే ముందు ఎలా ఆఫ్ చేయాలో చూసుకోండి, ఎందుకంటే అది నడుస్తున్నప్పుడు ఒక్కసారి తాకితే వినిపిస్తుంది, రెండుసార్లు తాకితేనే తెరుచుకుంటుంది. వింటే తెలిసే సంగతులు కంటితో దొరకవు. తెలుగు పేజీలో వర్ణన ఇంగ్లీషులో ఉంటే తెలుగు గొంతు దాన్ని ఎలా నలిపేస్తుందో వినాల్సిందే. వేగం కోసమైతే ఫోన్ నెట్‌వర్క్‌ను 2జీకి మార్చి అదే పేజీ తెరవండి. చట్టం మాటకొస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఇలాంటి సమాచారం అందరికీ అందేలా ఉండాలంటుంది. 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో క్షేత్ర పరిశీలన నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే.

వీటన్నిటి తర్వాత కూడా ఒక హద్దు మిగులుతుంది. 2011 లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది మాతృభాషగా చెప్పిన గోండీకి మన ఫోన్లలో చదివే గొంతు లేదు. అది ఎనిమిదో షెడ్యూలులోనూ లేదు. గోండీ వర్ణనను దేవనాగరిలో రాస్తే హిందీ గొంతు దాన్ని హిందీ యాసతో చదువుతుంది, తెలుగు లిపిలో రాస్తే తెలుగు గొంతు. కొంత అర్థమవుతుంది, కొంత కాదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర, మామూలు ఫోన్‌లో మాట్లాడి వార్త చెప్పే పద్ధతిని బస్తర్‌లో నడిపి చూపింది. ఆ దారిలోనే ఆలోచిస్తే, ముఖ్యమైన ఫోటో కింద ఆ ఊరి మనిషే గోండీలోనో దోర్లీలోనో చెప్పిన నిమిషం వర్ణనను ఆడియోగా పెట్టవచ్చు. మాటకు సరిపడే ఓపస్ ఫార్మాట్‌లో, సెకనుకు 24 కిలోబిట్ల చొప్పున దాస్తే ఆ నిమిషం బరువు 180 కేబీలు. కుదించిన రెండు ఫోటోల కంటే తక్కువ. నొక్కినప్పుడే వచ్చేలా పెడితే, అక్కర్లేనివాళ్ల మీద ఆ బరువు కూడా పడదు.